వడ్డీ రేటు లక్ష్యమా, ద్రవ్య సరఫరా లక్ష్యమా? పరీక్ష ముందు రాత్రి తరచుగా అడిగే ప్రశ్నలు

రేపు పొద్దున ఎంఏ ఎకనామిక్స్ స్థూల అర్థశాస్త్రం పేపర్. హాస్టల్ గదిలో హేమ, రజని ద్రవ్య విధానం చాప్టర్ ముందేసుకుని కూర్చున్నారు. ఈ చాప్టర్‌లో విద్యార్థులు ఎక్కువగా చిక్కుపడేది ఈ రెండు లక్ష్యాల దగ్గరే. అందుకే ఆ సంభాషణను ప్రశ్నలవారీగా విడదీసి ఇక్కడ పెట్టాను. అడిగేది హేమ, చెప్పేది రజని. మధ్యమధ్యలో అవసరమైన చోట నా మాట కూడా ఉంటుంది.

కేంద్ర బ్యాంకు రెండింటినీ ఒకేసారి ఎందుకు పట్టుకోలేదు?

హేమ: "వడ్డీ రేటునైనా లక్ష్యంగా పెట్టుకోవచ్చు, ద్రవ్య సరఫరానైనా పెట్టుకోవచ్చు, రెండూ కుదరవు" అని నోట్సులో ఉందే. ఎందుకు కుదరవు? నోట్లు అచ్చు వేయించేది ఆర్‌బీఐయే, రెపో రేటు చెప్పేదీ ఆర్‌బీఐయే కదా.

రజని: ఆ రెంటికీ మధ్య మూడో మనిషి ఉన్నాడు, జనం. తమ సొమ్ములో ఎంత భాగం చేతిలోనూ ఖాతాలోనూ డబ్బుగా ఉంచుకోవాలో జనమే నిర్ణయించుకుంటారు. దాన్నే ద్రవ్య డిమాండ్ అంటున్నాం. ఆదాయం పెరిగితే అది పెరుగుతుంది. వడ్డీ పెరిగితే తగ్గుతుంది, ఎందుకంటే ఊరికే ఉంచిన డబ్బు మీద వదులుకుంటున్న వడ్డీ ఎక్కువవుతుంది.

హేమ: సరే, ఇంతవరకూ తెలుసు.

రజని: అంకెలు పెట్టుకుందాం. ఆదాయం 1000 ఉన్నప్పుడు, 6 శాతం వడ్డీకి జనం 380 డబ్బు ఉంచుకుంటారు అనుకో. 7 శాతానికి 360, 5 శాతానికి 400. ఇప్పుడు ఆర్‌బీఐ "రేటు 5 శాతం ఉండాలి, డబ్బు 380 దాటకూడదు" అందనుకో. 5 శాతానికి జనం 400 అడుగుతున్నారు, ఉన్నది 380. ఆ 20 లోటును పూడ్చుకోవడానికి అందరూ బాండ్లు అమ్ముతారు, అప్పు కోసం ఎగబడతారు. వడ్డీ పైకి పోతుంది, 6 దగ్గర ఆగుతుంది. 5 దగ్గరే ఆపాలంటే ఆ 20 డబ్బును ఆర్‌బీఐయే సరఫరా చేయాలి.

హేమ: అంటే డిమాండ్ రేఖ మీద ఒక బిందువును మాత్రమే ఎంచుకోగలదు.

రజని: అంతే. ఒక అక్షం మీద నువ్వు చోటు చెబితే, రెండో అక్షం మీద చోటు రేఖ చెబుతుంది. ఇంకో సంగతి. ఆ రేఖ కదలకుండా ఉన్నంతకాలం ఏది ఎంచుకున్నా ఫలితం ఒక్కటే. రేటు 6 అని ప్రకటించినా డబ్బు 380 అవుతుంది, డబ్బు 380 అని ప్రకటించినా రేటు 6 అవుతుంది. తేడా అంతా రేఖ కదిలినప్పుడే బయటపడుతుంది.

చాలామంది జవాబుల్లో ఈ చివరి మాటే ఉండదు. అది లేకపోతే మిగతా చాప్టర్ అంతా ఎందుకు చదువుతున్నామో అర్థం కాదు.

బొమ్మ ఎలా గీయాలి?

రజని: అడ్డంగా డబ్బు, నిలువుగా వడ్డీ. ద్రవ్య సరఫరా లక్ష్యమైతే సరఫరా రేఖ నిలువుగా ఉంటుంది, డిమాండ్ కదిలితే రేటు కదులుతుంది. వడ్డీ రేటు లక్ష్యమైతే సరఫరా రేఖ అడ్డంగా ఉంటుంది, డిమాండ్ కదిలితే డబ్బు పరిమాణం కదులుతుంది. ఐఎస్-ఎల్ఎం బొమ్మలోకి వెళ్తే, మొదటిదానికి మామూలుగా పైకి వాలిన ఎల్ఎం, రెండోదానికి అడ్డంగా పడుకున్న ఎల్ఎం.

రేటు లక్ష్యం పెట్టుకున్న బ్యాంకు నిజంగా రోజూ ఏం చేస్తుంది?

హేమ: "రేటును నిలబెట్టడానికి కావలసినంత డబ్బు సరఫరా చేస్తుంది" అని రాసి వదిలేస్తే సరిపోతుందా?

రజని: మార్కులు రావాలంటే ఎలా చేస్తుందో చెప్పాలి. దసరా, దీపావళి రోజులు తీసుకో. జనం బ్యాంకుల నుంచి నోట్లు తీసుకుంటారు. ఆ మేరకు బ్యాంకుల దగ్గరున్న నిల్వలు కరిగిపోతాయి. సీఆర్ఆర్‌కి కావలసిన నిల్వ ఉంచుకోవాలి కాబట్టి, తక్కువ పడిన బ్యాంకు కాల్ మనీ మార్కెట్‌లో ఒక్క రాత్రికి అప్పు అడుగుతుంది. అందరూ అడిగేవాళ్లే, ఇచ్చేవాళ్లు తక్కువ. కాల్ రేటు రెపో రేటు పైకి జరుగుతుంది.

హేమ: అప్పుడు ఆర్‌బీఐ?

రజని: రేటు లక్ష్యం ఉంది కాబట్టి రెపో వేలం పెడుతుంది. బ్యాంకుల ప్రభుత్వ బాండ్లను తాకట్టుగా తీసుకుని నిల్వలు ఇస్తుంది. కాల్ రేటు మళ్లీ రెపో దగ్గరికి దిగుతుంది. పండగ అయ్యాక నోట్లు బ్యాంకులకు తిరిగొస్తాయి, అప్పుడు ఎక్కువైన నిల్వలను వెనక్కి పీల్చుకుంటుంది. రేటు కదల్లేదు, రిజర్వ్ మనీ మాత్రం పెరిగి తగ్గింది.

హేమ: అదే పరిమాణ లక్ష్యం అయితే?

రజని: జనం చేతిలోకి వెళ్లిన నోట్లు, బ్యాంకుల దగ్గర తగ్గిన నిల్వలు సమానం. మొత్తం రిజర్వ్ మనీ మారలేదు. లక్ష్యం చెక్కుచెదరలేదు కాబట్టి ఆర్‌బీఐ కదలక్కర్లేదు. కాల్ రేటు మాత్రం పండగ అయ్యేదాకా ఎగిరి కూర్చుంటుంది.

హేమ: ముందస్తు పన్ను ఉదాహరణ రాద్దామనుకున్నా. మార్చి 15కి కంపెనీలు పన్ను కడతాయి, డబ్బు బిగుసుకుంటుంది అని.

రజని: అది ఇక్కడ రాయకు. కంపెనీ ఖాతా నుంచి పన్ను ఆర్‌బీఐలో ఉన్న ప్రభుత్వ ఖాతాలోకి పోతుంది. ప్రభుత్వ నిల్వ రిజర్వ్ మనీ లెక్కలోకి రాదు. అంటే ఆ రోజు రిజర్వ్ మనీ కూడా తగ్గుతుంది, కాల్ రేటు కూడా పెరుగుతుంది. రేటు లక్ష్యం ఉన్న బ్యాంకూ నిల్వలు ఇస్తుంది, పరిమాణ లక్ష్యం ఉన్న బ్యాంకూ ఇస్తుంది. రెండు విధానాల మధ్య తేడా ఆ ఉదాహరణలో కనపడదు.

ఈ ముందస్తు పన్ను ఉదాహరణ గైడ్లలో బాగా తిరుగుతుంది. తేడా చూపమన్న ప్రశ్నకు తేడా లేని ఉదాహరణ ఇస్తే జాగ్రత్తగా దిద్దేవాళ్లు పట్టేస్తారు.

ఇంకా పక్కా అంకెలు కావాలంటే కారిడార్ గుర్తుపెట్టుకోండి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా రెపో 6.5 శాతం. దానికి కింద 6.25 దగ్గర ఎస్‌డీఎఫ్, అంటే బ్యాంకులు మిగిలిన డబ్బును ఆర్‌బీఐ దగ్గర దాచుకునే రేటు. పైన 6.75 దగ్గర ఎంఎస్ఎఫ్, అత్యవసరంగా అప్పు తెచ్చుకునే రేటు. ఈ రెంటి మధ్యలో కాల్ రేటును రెపోకి దగ్గరగా ఉంచడమే రోజువారీ పని.

పూల్ విశ్లేషణ అంటే ఏమిటి? అంకెలతో చూపించవచ్చా?

హేమ: విలియం పూల్, 1970. పేరు, సంవత్సరం గుర్తున్నాయి. "ఐఎస్ షాక్ అయితే డబ్బు, ఎల్ఎం షాక్ అయితే రేటు" అని బట్టీ పట్టా. రేపు తిరగేసి రాసేస్తానేమో అని టెన్షన్‌గా ఉంది.

రజని: బట్టీ వద్దు, లెక్క చేద్దాం. ధరలు మారవు అనుకుని రెండు సమీకరణాలు తీసుకో.

```
IS:  Y = 1240 - 40i
LM:  M = 0.5Y - 20i
```

M = 380 పెడితే వడ్డీ 6, ఆదాయం 1000. ఆదాయం 1000 దగ్గరే నిలకడగా ఉండాలన్నది కేంద్ర బ్యాంకు కోరిక.

హేమ: 1240 లోంచి 240 తీస్తే 1000. దాంట్లో సగం 500, 120 తీస్తే 380. సరిపోయింది.

రజని: మొదటి షాక్. పెట్టుబడులు పెట్టేవాళ్లకు ఒక్కసారిగా ఊపొచ్చింది, ఐఎస్‌లో 1240 కాస్తా 1300 అయింది. రేటు 6 దగ్గరే పట్టుకుంటే ఆదాయం ఎంత?

హేమ: 1300 లోంచి 240 పోతే 1060. మొత్తం 60 పెరిగింది.

రజని: ఆ ఆదాయానికి జనం అడిగే డబ్బు 530 లోంచి 120 పోతే 410. అంటే బ్యాంకు 30 డబ్బు అదనంగా ఇచ్చి ఆ ఊపుకు తనే తోడైంది. ఇప్పుడు రేటును వదిలేసి డబ్బును 380 దగ్గర పట్టుకో.

హేమ: 0.5 ఇంటూ 1300 మైనస్ 40i, దాంట్లోంచి 20i తీసేయాలి... 650 మైనస్ 40i ఈక్వల్స్ 380. i అంటే 6.75. ఆదాయం 1300 మైనస్ 270, 1030.

రజని: చూశావా. రేటు దానంతటదే 0.75 పెరిగింది, ఊపులో సగం చల్లారింది. 60 తేడా రావాల్సిన చోట 30 తేడానే వచ్చింది. ఐఎస్ షాక్‌కి డబ్బు లక్ష్యం మెరుగు.

హేమ: రెండో షాక్ నేను చేస్తా. ఐఎస్ పాతదే. జనం ఏదో భయంతో అదే ఆదాయానికి, అదే వడ్డీకి 40 ఎక్కువ డబ్బు ఉంచుకోవాలనుకున్నారు. డబ్బు 380 దగ్గర పట్టుకుంటే 620 మైనస్ 40i ప్లస్ 40 ఈక్వల్స్ 380. i అంటే 7. ఆదాయం 960.

రజని: వస్తువుల మార్కెట్‌లో ఏమీ జరగలేదు. జనం కొంచెం ఎక్కువ డబ్బు దగ్గర పెట్టుకున్నారంతే. అయినా వడ్డీ 7కి పోయి ఆదాయం 40 పడిపోయింది. రేటును 6 దగ్గర పట్టుకుని ఉంటే?

హేమ: అడిగిన 40 ఇచ్చేస్తాం. డబ్బు 420, వడ్డీ 6, ఆదాయం 1000. ఎవరికీ ఏ దెబ్బా లేదు.

రజని: ఇంక తిరగేసి రాయలేవు. ఎప్పుడైనా అనుమానం వస్తే "రేటు అడ్డుకట్టగా పనిచేయాల్సిన షాకా, రేటు కదిలితే అనవసరంగా నష్టం జరిగే షాకా" అని నిన్ను నువ్వు అడుగు. ఖర్చులోంచి వచ్చిన షాక్‌కి రేటు కదలాలి, అందుకని రేటును కట్టేయకూడదు. డబ్బు డిమాండ్‌లోంచి వచ్చిన షాక్‌కి రేటు కదలకూడదు, అందుకని డబ్బును కట్టేయకూడదు.

ఏ షాక్ వచ్చిందో చూసి, దానికి తగ్గ లక్ష్యం అప్పటికప్పుడు ఎంచుకోవచ్చు కదా?

రజని: మనం ఇప్పుడు వేసిన లెక్కల్లోనే జవాబుంది. రేటు లక్ష్యం ఉన్నప్పుడు మొదటి షాక్‌కి డబ్బు 410 అయింది, రెండో షాక్‌కి 420 అయింది. రెండుసార్లూ పెరిగింది. డబ్బు లక్ష్యం ఉన్నప్పుడు మొదటిదానికి రేటు 6.75, రెండోదానికి 7. రెండుసార్లూ పెరిగింది.

హేమ: అంటే రోజూ కనపడే అంకెలు చూసి ఏ షాకో చెప్పలేం.

రజని: చెప్పలేం. వడ్డీ రేటు ఏ పూటకాపూట కనపడుతుంది. డబ్బు లెక్కలు కొద్ది రోజుల ఆలస్యంతో వస్తాయి. ఆదాయం అంకె నెలల తర్వాత వస్తుంది, వచ్చాక కూడా సవరిస్తారు. తేడా తెలిసేది ఆదాయం దగ్గరే, అది తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పూల్ వాదన మొదలయ్యేదే ఇక్కడ. షాక్ ఏదో తెలియని పరిస్థితిలో ముందే ఒక పద్ధతి ఎంచుకోవాలి. కాబట్టి ఈ దేశంలో ఏ రకం షాకులు ఎక్కువ, వాటి తీవ్రత ఎంత అని చూసి ఎంచుకుంటారు.

పూల్ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనపడేది ఇదే. దీన్ని "రెండు షాకులు, రెండు జవాబులు" అని పట్టికగా కుదించేస్తే అసలు సంగతి పోతుంది. షాక్ ముందే తెలిస్తే ఏ లక్ష్యంతోనైనా పని జరిగిపోయేది. ఈ రెండు పద్ధతులూ తెలియనితనంలో తీసుకునే నిర్ణయాలు.

డబ్బు లక్ష్యం నిజంగా పెట్టుకుంటే ఏమవుతుంది? ఎవరైనా ప్రయత్నించారా?

హేమ: అమెరికా, వోల్కర్, 1979. అంతవరకే తెలుసు.

రజని: 1979 అక్టోబరు 6, శనివారం సాయంత్రం. ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ పాల్ వోల్కర్ విలేకరులను పిలిచి, ఇకమీద ఫెడరల్ ఫండ్స్ రేటును కాకుండా బ్యాంకుల నిల్వల పరిమాణాన్ని పట్టుకుంటామని చెప్పాడు. నిల్వలను పట్టుకుంటే ఎం1 పెరుగుదల అదుపులో ఉంటుందన్నది లెక్క. రేటు ఎక్కడికి పోతే అక్కడికి పోనీ అన్నాడన్నమాట.

హేమ: ఎక్కడికి పోయింది?

రజని: నెలసరి సగటు చూడు. 1980 ఏప్రిల్‌లో 17.6 శాతం. జులైకి 9. మళ్లీ 1981 జనవరికి 19. తొమ్మిది నెలల్లో ఇంత దిగి, ఇంత ఎక్కింది. మధ్యలో 1980 వసంతంలో పెట్టిన పరపతి నియంత్రణలు కూడా ఈ ఊగిసలాటకు తోడయ్యాయి. అయినా నిలువు సరఫరా రేఖ మీద డిమాండ్ అటూ ఇటూ ఊగితే రేటుకు ఏమవుతుందో ఇంతకన్నా బాగా చూపే ఉదాహరణ దొరకదు.

హేమ: మరి ద్రవ్యోల్బణం తగ్గింది కదా?

రజని: తగ్గింది. 1980లో సగటున 13.5 శాతం ఉన్నది 1983కి 3.2 అయింది. దానికి కట్టిన మూల్యం కూడా రాయాలి. 1982 చివర్లో నిరుద్యోగం 10.8 శాతం. ఇంక పరీక్షకు ముఖ్యమైనది, ఆ విధానాన్ని ఎందుకు వదిలేశారన్నది. 1981 జనవరి నుంచి చెక్కులు రాసుకోగల ఖాతాల మీదా వడ్డీ ఇచ్చే సౌకర్యం దేశమంతటా వచ్చింది. జనం పొదుపు సొమ్మును వాటిలోకి మార్చారు. ఆ ఖాతాలు ఎం1లో భాగం. ఖర్చు పెరగలేదు కానీ ఎం1 ఉబ్బింది.

హేమ: మనం చేసిన రెండో షాక్.

రజని: అచ్చంగా అదే. 1982లో ఎం1 వేగం పడిపోయింది, ఎం1కి జాతీయాదాయానికి ఉన్న పాత సంబంధం తెగిపోయింది. అంకెను పట్టుకుని వేలాడితే మాంద్యం ఇంకా ముదురుతుంది. ఆ అక్టోబరుకల్లా ఎం1 లక్ష్యాన్ని పక్కన పెట్టారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. వోల్కర్ ప్రయోగం విఫలమైందని ఒక్క ముక్కలో రాసేయడం సరికాదు. రేటును 19 శాతానికి తీసుకెళ్తామని ఏ కమిటీ అయినా బల్లగుద్ది ఓటేయడం చాలా కష్టం. మేం డబ్బునే చూస్తున్నాం, రేటును మార్కెట్ నిర్ణయిస్తోంది అన్న మాట ఆ పనికి రాజకీయంగా అండగా నిలిచింది. ద్రవ్యోల్బణాన్ని దించడంలో ఆ విధానం పని చేసింది. మామూలు రోజుల్లో నడపదగ్గ విధానంగా మాత్రం నిలవలేదు.

మన ఆర్‌బీఐ ఏ పద్ధతిలో నడిచింది?

రజని: సుఖమయ్ చక్రవర్తి కమిటీ 1985లో నివేదిక ఇచ్చింది. ఎం3 పెరుగుదలకు లక్ష్యం పెట్టుకోమంది, కానీ పరిస్థితిని బట్టి సవరించుకునే వీలు ఉంచింది. 1990ల చివరిదాకా అదే పద్ధతి. 1998 ఏప్రిల్ నుంచి ఒక్క ఎం3నే కాకుండా అనేక సూచికలను చూసే పద్ధతికి మారారు.

హేమ: ఎందుకు మార్చారు?

రజని: అప్పట్లో బ్యాంకుల వడ్డీలు చాలావరకు పైనుంచి నిర్ణయించేవే. రేటు స్వేచ్ఛగా కదలని చోట రేటును లక్ష్యంగా పెట్టుకుని లాభం లేదు, పరిమాణమే పనికొచ్చే పగ్గం. 1991 తర్వాత వడ్డీలు మార్కెట్‌కి వదిలారు, కొత్త ఆర్థిక సాధనాలు వచ్చాయి, విదేశీ పెట్టుబడుల రాకపోకలు పెరిగాయి. ద్రవ్య డిమాండ్ పాతలా నిలకడగా లేదు. పూల్ భాషలో చెప్పాలంటే ఎల్ఎం షాకులు పెరిగాయి. 2011 మే నుంచి కాల్ రేటు సగటును, అంటే డబ్ల్యూఏసీఆర్‌ను, రోజువారీ లక్ష్యంగా ప్రకటించారు. 2016లో చట్టం సవరించి 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యం పెట్టారు, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుతో.

ద్రవ్యోల్బణ లక్ష్యం, వడ్డీ రేటు లక్ష్యం ఒకటేనా?

రజని: కాదు, మెట్లు వేరు. చేరాల్సిన చోటు 4 శాతం ద్రవ్యోల్బణం. రోజూ పట్టుకునేది కాల్ రేటు. పట్టుకోవడానికి వాడేవి రెపో, ఎస్‌డీఎఫ్, ఎంఎస్ఎఫ్. పాత పద్ధతిలో చేరాల్సిన చోటు ధరల నిలకడ, వృద్ధి. మధ్య మెట్టు ఎం3. రోజూ పట్టుకునేది రిజర్వ్ మనీ. "ప్రస్తుతం ఆర్‌బీఐది వడ్డీ రేటు లక్ష్యమా, ద్రవ్యోల్బణ లక్ష్యమా" అని అడిగితే రెండూ అని చెప్పి, ఏది ఏ మెట్టు మీద ఉందో రాయి.

నోట్ల రద్దును ఈ చాప్టర్‌లో ఉదాహరణగా వాడవచ్చా?

హేమ: నోట్ల రద్దుతో డబ్బు సరఫరా తగ్గింది, కాబట్టి వడ్డీ పెరగాలి. కానీ అప్పుడు బ్యాంకులు వడ్డీలు తగ్గించాయి. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదే.

రజని: మంచి ప్రశ్న. 2016 నవంబరు 8న 500, 1000 నోట్లు చెల్లవన్నారు. చలామణీలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం అవే. 2017 జనవరి మొదటికి చలామణీ సుమారు సగానికి పడిపోయింది. నోట్లు మాత్రమే చూసేవాడికి ఇది భయంకరమైన బిగింపు.

హేమ: కానీ ఆ నోట్లు బ్యాంకుల్లోకి వచ్చి డిపాజిట్లు అయ్యాయి.

రజని: అదీ. ఎం3లో నోట్లూ ఉన్నాయి, డిపాజిట్లూ ఉన్నాయి. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారినట్టు. బ్యాంకుల దగ్గర మాత్రం నిల్వలు కొండలా పేరుకున్నాయి. అందరి దగ్గరా డబ్బుంది, అప్పు అడిగేవాడు లేడు. వదిలేస్తే కాల్ రేటు రెపో నుంచి జారి కారిడార్ అడుగుకు పడిపోతుంది. అప్పట్లో రెపో 6.25, అడుగు 5.75.

హేమ: ఆర్‌బీఐ పీల్చుకుందా?

రజని: ముందు రివర్స్ రెపోలతో. తర్వాత సెప్టెంబరు 16కి, నవంబరు 11కి మధ్య పెరిగిన డిపాజిట్ల మీద నూటికి నూరు శాతం అదనపు సీఆర్ఆర్ పెట్టారు. కొద్ది రోజులకే, మార్కెట్ స్టెబిలైజేషన్ స్కీమ్ బాండ్ల పరిమితిని 6 లక్షల కోట్లకు పెంచి, డిసెంబరు 10 నుంచి ఆ సీఆర్ఆర్‌ను ఎత్తేశారు. నోట్లు సగానికి పడిపోతున్న రోజుల్లోనే ఆర్‌బీఐ బ్యాంకుల నుంచి డబ్బు పీల్చుతోంది. రేటు లక్ష్యం అని తెలియకపోతే ఇది వెర్రిగా కనిపిస్తుంది.

హేమ: అయితే జనం ఇబ్బంది పడలేదనా?

రజని: అలా ఎవరన్నారు? జనానికి కావలసింది చేతిలో నోటు, డిపాజిట్ కాదు. కూలి డబ్బులు నోట్లలో ఇచ్చేచోట, సంతలో కొనేచోట ఖాతాలో ఉన్న అంకె పనికిరాలేదు. పూల్ లెక్కలో డబ్బంతా ఒకే రకం. ఈ సంఘటనలో రెండు రకాలు విడిపోయాయి. కాల్ రేటు ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన వీధిలో డబ్బుకు కరువు లేదని అర్థం కాదు. ఉదాహరణగా రాస్తే ఈ హద్దు కూడా రాయి.

రేటు లక్ష్యం అంటే రేటును మార్చకుండా ఉంచడమా?

హేమ: అడ్డంగా గీత గీశాం కదా, అలాగే అనిపిస్తుంది.

రజని: ఆ గీత ఈ సమావేశం నుంచి వచ్చే సమావేశం దాకానే. ఏళ్ల తరబడి కదల్చకపోతే ప్రమాదం. రేటు 6, జనం ఊహించే ద్రవ్యోల్బణం 4 అయితే అప్పు నిజ భారం 2 శాతం. ఊహించే ద్రవ్యోల్బణం 7కి పెరిగి రేటు 6 దగ్గరే ఉంటే నిజ భారం మైనస్ 1. అప్పు తీసుకోవడమే లాభం. జనం అప్పు చేస్తారు, రేటును నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు అడిగినంత డబ్బు ఇస్తుంది, ధరలు ఇంకా పెరుగుతాయి, నిజ భారం ఇంకా తగ్గుతుంది. ఇది విక్సెల్ చూపిన వలయం.

హేమ: దీనికి ఉదాహరణ?

రజని: 1942 నుంచి అమెరికా యుద్ధ ఖర్చు కోసం దీర్ఘకాల ప్రభుత్వ బాండ్ల వడ్డీని 2.5 శాతం దాటకుండా పట్టుకుంది. యుద్ధం అయిపోయాక కూడా అమ్మకానికొచ్చిన బాండ్లను ఫెడ్ కొంటూనే ఉండాల్సి వచ్చింది, అంటే డబ్బు మీద పట్టు లేదు. కొరియా యుద్ధంతో ధరలు ఎగిశాక 1951 మార్చిలో ట్రెజరీతో ఒప్పందం చేసుకుని ఆ కట్టడి నుంచి బయటపడింది. అందుకే ఇప్పటి నియమం ఏమిటంటే, ద్రవ్యోల్బణం ఒక శాతం పెరిగితే రేటును ఒక శాతం కన్నా ఎక్కువ పెంచాలి. సమానంగా పెంచితే నిజ భారం పెరగదు, చల్లార్చే బలం రాదు.

ప్రభుత్వ ఖర్చు పెరిగితే ప్రైవేటు పెట్టుబడి తగ్గుతుందా అన్న ప్రశ్నకు దీనితో సంబంధం ఉందా?

రజని: ఉంది, మన లెక్కే వాడుకో. ఆ 60 షాక్‌ను ప్రభుత్వ ఖర్చు వల్ల వచ్చిందనుకో. డబ్బు లక్ష్యం ఉంటే రేటు 6.75కి పోయి 30 మింగేస్తుంది. రేటు లక్ష్యం ఉంటే మొత్తం 60 నిలుస్తుంది. కాబట్టి "ప్రైవేటు పెట్టుబడిని తోసేస్తుందా" అంటే కేంద్ర బ్యాంకు దేన్ని పట్టుకుందో చెప్పకుండా జవాబు లేదు.

రిజర్వుల మీద కేంద్ర బ్యాంకే వడ్డీ ఇస్తే రెండూ పట్టుకోవచ్చంటారు, నిజమేనా?

హేమ: సీనియర్ ఒకరు చెప్పారు, 2008 తర్వాత ఆ పాత సూత్రం చెల్లదని.

రజని: సగం నిజం. 2008 అక్టోబరు నుంచి ఫెడ్ బ్యాంకుల నిల్వల మీద వడ్డీ ఇస్తోంది. ఆ రేటు కన్నా చాలా తక్కువకు ఏ బ్యాంకూ అప్పివ్వదు. కాబట్టి బాండ్లు కొని నిల్వలను ఎంత పెంచినా రేటు ఆ అడుగు దగ్గర నిలబడుతుంది. మన దగ్గర 2022 ఏప్రిల్‌లో తెచ్చిన ఎస్‌డీఎఫ్ కూడా అదే పని చేయగలదు, తాకట్టు బాండ్ల అవసరం లేకుండా.

హేమ: అయితే రేటూ, నిల్వలూ రెండూ బ్యాంకు చేతిలోనే.

రజని: నిల్వలు చేతిలో ఉన్నాయి. ఎం3 లేదు. ఆ నిల్వలు పెట్టుకుని బ్యాంకులు ఎంత అప్పిస్తాయి, జనం ఎంత డిపాజిట్ ఉంచుకుంటారు అన్నది ఇంకా వాళ్ల ఇష్టమే. నిల్వల మీద వడ్డీ ఇచ్చినప్పుడు బ్యాంకుల నిల్వల డిమాండ్ రేఖ ఆ రేటు దగ్గర బల్లపరుపు అయిపోతుంది, అందుకే అక్కడ రేటు ఒక్కటే, పరిమాణాలు ఎన్నైనా. జనం ద్రవ్య డిమాండ్ రేఖ మాత్రం వాలుగానే ఉంది. రేపు "ద్రవ్య సరఫరా" అని అడిగితే పాత సూత్రమే రాయి, నిల్వల సంగతి చివర ఒక పేరాలో చేర్చు.